కుక్క కరిచి సూది వేయించుకున్నాక పత్యం ఉండాలా?

అడిగిన ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. నిన్న శనివారం పొద్దున వీధికుక్క పిక్క పట్టుకుంది, రెండు పళ్లు బాగా దిగినాయి. రుయా ఆసుపత్రికి పోతే రెండు చేతులకూ సూదులేసి, గాయం చుట్టూ కూడా సీరం అని చెప్పి పొడిచినారు. మళ్లీ మంగళవారం, ఆ తర్వాత శనివారం రమ్మన్నారు. మా అవ్వేమో 40 దినాలు నీసు ముట్టకూడదు, వంకాయ తినకూడదు, తలకు పోసుకోకూడదు, జిమ్‌కు పోతే విషం పైకి ఎక్కుతుంది అంటాంది. ఈ మంగళవారమే గంగమ్మ జాతర చాటింపు. నాకు వేషం మొక్కు ఉంది. ఇంట్లో కోడి, ఫ్రెండ్స్‌తో మందు ఎట్లాగూ ఉంటాయి. జాతర అయిపోయినాక మిగతా సూదులు వేసుకుంటే సరిపోతుందా?

---

సరిపోదు తమ్ముడూ. కోడికూర తిను, వంకాయ తిను, ఈ రోజే తలకు పోసుకో. వేషం కూడా వేసుకోవచ్చు, కొంచెం జాగ్రత్తతో. జిమ్ సంగతి నీ కాలి గాయాన్ని బట్టి ఉంటుంది, దానికీ విషానికీ సంబంధం లేదు. తాగే మందు మాత్రం ఈ వారం మానుకోమనే చెప్తా, కానీ మీ అవ్వ అనుకునే కారణంతో కాదు. వాయిదా వేయకూడనిది ఒక్కటే: మంగళవారం సూది, శనివారం సూది. పత్యం భయంతో సూదినే పక్కన పెట్టడం కుక్కకాటు కేసుల్లో అన్నిటికంటే ప్రమాదం. నీ ప్రశ్నలో చివరి వాక్యం చదివి నాకు భయం వేసింది కూడా అందుకే.

ముందు మీ అవ్వ పక్షాన ఒక మాట. ఆమె ఊరికే కల్పించి చెప్పడం లేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు బొడ్డు చుట్టూ వరసగా వేసే సూదులుండేవి. అది 1911లో డేవిడ్ సెంపుల్ అనే ఆయన కసౌలీలో తయారుచేసిన టీకా. రేబిస్ వైరస్‌ను గొర్రె మెదడులో పెంచి, ఆ మెదడు కణజాలాన్నే ఫినాల్‌తో చంపి సూదిమందుగా వాడేవారు. చిక్కంతా ఆ మెదడు పదార్థంతోనే. మన శరీరం వైరస్ మీదికి పోరాడటంతో పాటు ఒక్కోసారి ఆ గొర్రె మెదడును పోలిన మన నరాల మీదికీ తిరగబడేది. కొందరికి కాళ్లు చేతులు పడిపోయేవి. దీన్ని ఏది రెచ్చగొడుతుందో డాక్టర్లకు కూడా కచ్చితంగా తెలియదు కాబట్టి, మద్యం వద్దు, ఒళ్లు అలిసే పని వద్దు, రాత్రుళ్లు మేలుకోవద్దు, కోర్సు అయిపోయాక కూడా నెల రోజులు అట్లాగే ఉండండి అని చెప్పేవారు. పాత వైద్య పాఠ్యపుస్తకాల్లోనూ ఆ జాగ్రత్తలు ఉన్నాయి. నెల అన్నది ఇళ్లల్లో 40 రోజులయి ఉంటుంది. కుక్కకాటుకు పసరు పోసేవాళ్లు పెట్టే పత్యం, అంటే నీసు వద్దు, వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు అన్నవి వచ్చి దీనితో కలిసిపోయాయి.

ఆ టీకా తయారీ మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు నీకు వేసింది ప్రయోగశాలలో కణాల మీద పెంచి, చంపి, శుద్ధి చేసిన వైరస్ టీకా. అందులో గొర్రె మెదడు లేదు. టీకాయే మారిపోయాక దాని కోసం పెట్టిన జాగ్రత్తలు మిగలవు. అవ్వకు ఇదే చెప్పు: "నువ్వు చెప్పింది ఆ కాలం సూదికి నిజమే, ఇప్పుడు ఆ సూది లేదు" అని. నీకేం తెలుసని ఎదురు తిరగడం కంటే అది బాగా ఎక్కుతుంది.

స్నానం

స్నానం వద్దు అనే మాట కుక్కకాటు విషయంలో నేరుగా హాని చేస్తుంది. కుక్క కరిచిన వెంటనే చేయాల్సిన మొదటి వైద్యం సబ్బు, కుళాయి నీళ్లే. ధారగా పడే నీళ్ల కింద గాయాన్ని పెట్టి, సబ్బు నురగతో కనీసం 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని కరిగిస్తుంది, నీటి ధార గాయంలోని లాలాజలాన్ని కొట్టుకుపోయేలా చేస్తుంది. నీళ్లు తగలకూడదని గాయం మీద కారం, సున్నం, పసుపు, కాఫీపొడి అద్దుకొని ఆసుపత్రికి వచ్చేవాళ్లకు ముందు వాటన్నిటినీ కడిగి తీయడమే ఒక పని అవుతుంది. అవి గాయాన్ని రేపి, మురికిని లోపలికే నొక్కుతాయి.

ఇక రోజూ చేసే స్నానం. చేతులకు వేసిన సూది చర్మం పై పొరలోనే వేసింది, ఒక్కో చోట 0.1 మిల్లీలీటరు. వేసినప్పుడు దోమ కుట్టినట్టు చిన్న బుడిపె లేచి కాసేపటికి అణిగిపోతుంది. నీళ్లు తగిలితే ఆ మందు కరిగి బయటికి పోదు, లోపల పాడవదు. చేయకూడనివి రెండే: అక్కడ గట్టిగా రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. ఒకటి రెండు రోజులు ఎర్రగా ఉండి దురద పెడుతుంది. టీకాకు ఒళ్లు స్పందిస్తున్న గుర్తే తప్ప అది వంకాయ తిన్నందుకు కాదు. ఆ దురదకు నూనె, సున్నం ఏమీ పూయొద్దు. చల్లటి తడిగుడ్డ కాసేపు వేస్తే చాలు.

కాలి గాయాన్ని రోజూ స్నానంలోనే సబ్బుతో మెల్లగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టు. ఆసుపత్రిలో ఇచ్చిన పొవిడోన్ అయోడిన్ రాయి. బిగించి కట్టు కట్టొద్దు. ధారగా పోసుకునే నీళ్లు మంచివే కానీ, పచ్చి గాయాన్ని నిలవ నీళ్లలో నానబెట్టకూడదు. అందుకని గాయం మూసుకుపోయేదాకా కపిలతీర్థం కోనేట్లో మునగడం, ఈత కొట్టడం ఆపు. జ్వరంగా ఉంటే గోరువెచ్చటి నీళ్లు పోసుకో. అంతకు మించి లెక్క లేదు.

(పసిపిల్లల టీకాలకూ ఇదే మాట. సూది వేయించిన రోజు బిడ్డకు నీళ్లు పోయొచ్చు. తొడ మీద సూది వేసిన చోట మాత్రం నలుగు పెట్టి రుద్దొద్దు.)

వేషం

ఇది చాలామంది అడగరు, నువ్వు అడిగావు కాబట్టి వివరంగా చెప్తా. బండ వేషానికి ఒంటికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. ఏదైనా సరే, పిక్క మీది గాయానికి అవి తగలకూడదు. మందులా అద్దుకోవడానికీ వద్దు. నీ గాయానికి కుట్లు వేసి ఉండరు. కుక్కకాటు గాయాన్ని సాధ్యమైనంత వరకు తెరిచే ఉంచుతారు. తెరిచిన గాయంలో బొగ్గుపొడి పడితే చీము పడుతుంది, మానాక కూడా నల్లమచ్చ ఉండిపోతుంది. పిక్కకు వదులుగా గాజుగుడ్డ చుట్టి, పైన ప్యాంటు గానీ పంచె గానీ వేసుకొని, పూత తొడల పైభాగం వరకే ఉంచుకో.

రోజుల లెక్క చూడు. మొదటి సూది శనివారం, అది సున్నా రోజు. మూడో రోజు మంగళవారం, అంటే చాటింపు రోజు. ఏడో రోజు మళ్లీ శనివారం, ఆ రోజు జాతర మంచి ఊపులో ఉంటుంది. చివరిది 28వ రోజు, అదీ శనివారమే. ఇందులో రెండు సూదులు సరిగ్గా జాతరలోనే పడుతున్నాయి. కాబట్టి మంగళవారం, శనివారం పొద్దున్నే ముందు సూది, తర్వాతే వేషం. పూత పూసుకొని పోతే సూది వేసేవాళ్లు అదంతా కడగాలి. కడిగినా చర్మం రంధ్రాల్లో రంగు మిగులుతుంది, దాని మీదుగా సూది దిగకూడదు. సూది అయ్యాక బుడిపె అణిగేదాకా ఆగి, రెండు భుజాల మీదా రూపాయి బిళ్లంత చోటు వదిలి మిగతా ఒంటికి పూసుకో. సాయంత్రం పూత కడిగేటప్పుడు ఆ చోట పీచుతో తోమొద్దు.

తిండి

సూదికి, తిండికి మధ్య ఉన్న అసలు నియమం పత్యానికి పూర్తిగా ఎదురు: ఖాళీ కడుపుతో పోవద్దు. ముఖ్యంగా సీరం వేసే రోజు. సీరం అంటే వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకునే, ముందే తయారై ఉన్న యాంటీబాడీల మందు. గాయం చుట్టూ పొడిచే నొప్పికి, భయానికి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఏమీ తినకుండా వచ్చినవాళ్లు ఎక్కువ. రెండు ఇడ్లీలో, ఇంత సంగటో తిని పో. సూది తర్వాత అరగంట అక్కడే కూర్చో.

ఇంట్లో నాటుకోడి పులుసు, సంగటి చేస్తే హాయిగా తిను. మాంసం, గుడ్డు, పప్పు గాయం మానడానికి పనికొచ్చేవే. కొన్ని రేబిస్ టీకాలను కోడిపిండం కణాల మీద పెంచుతారు. అందుకని గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఆయాసం వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ సంగతి సూది వేసే ముందే చెప్పాలి. వాళ్లకు వేరే కణాల మీద పెంచిన టీకా ఉంటుంది. గుడ్డు మామూలుగా తినేవాళ్లకు ఆ ప్రశ్నే లేదు. మాంసానికి, గుడ్డుకు టీకాను విరిచేసే శక్తి ఉండదు.

మరి నీసు తింటే వికటించింది అని ఇన్ని కథలు ఎట్లా పుట్టాయి? దీనికి గట్టి కారణమే ఉంది. నీ గాయం చుట్టూ వేసిన సీరం చాలాసార్లు గుర్రం రక్తం నుంచి తీసినది. అది వేసిన 7 నుంచి 14 రోజుల్లో కొద్దిమందికి ఆలస్యంగా ఒక ప్రతిచర్య వస్తుంది. ఒంటి మీద దద్దుర్లు, కీళ్ల నొప్పులు, కొంచెం జ్వరం, గడ్డలు వాచినట్టు ఉండటం. అన్ని రోజుల కిందట పొడిచిన సీరం అప్పటికి ఎవరికీ గుర్తుండదు. నిన్న తిన్న కోడికూర గుర్తుంటుంది. నీ విషయంలో ఆ 7 నుంచి 14 రోజులు సరిగ్గా జాతర చివర, దాని తర్వాత పడతాయి. ఇంటింటా కోడి, వేట తిన్న రోజులు. అప్పుడు దద్దుర్లు లేస్తే మీ ఇంట్లో ఏమంటారో నేను ఇప్పుడే చెప్పగలను. అట్లా వస్తే ఆసుపత్రికి పో, సీరం ఏ రోజు వేశారో చెప్పు. మాత్రలతో తగ్గుతుంది. దాని కోసం మిగిలిన టీకా మానకూడదు, ఎందుకంటే ప్రతిచర్య వచ్చింది సీరానికి, టీకాకు కాదు.

జిమ్, మెట్లు

ఒళ్లు కదిలితే విషం పైకి ఎక్కుతుందనేది పాముకాటు మాట, అది కుక్కకాటుకు అంటుకుంది. రేబిస్ వైరస్ రక్తంలో పరుగెత్తదు. గాయం దగ్గరి నరాల్లోంచి మెల్లగా మెదడు వైపు పోతుంది. నువ్వు పడుకున్నా, పరుగెత్తినా ఆ వేగం మారదు. దాన్ని ఆపేది గాయంలో వేసిన సీరం, తర్వాత టీకా వల్ల నీ ఒంట్లో తయారయ్యే రక్షణ.

కానీ నీ పిక్క సంగతి వేరు. నీ బరువు 60 కిలోలు అనుకుందాం. గుర్రం సీరం కిలోకు 40 యూనిట్ల లెక్కన 2400 యూనిట్లు. 5 మిల్లీలీటర్ల సీసాలో 1500 యూనిట్లు ఉంటాయి కాబట్టి గరిష్ఠంగా 8 మిల్లీలీటర్లు. అందులో గాయం చుట్టూ పట్టినంత నీ పిక్క కండలోకే ఎక్కించారు. రెండు మూడు రోజులు కాలు బరువుగా, బిగదీసినట్టు ఉండటం అందుకే. ఆ కాలితో అలిపిరి మెట్లెక్కితే తెరిచిన గాయం సాగి నెత్తురు కారుతుంది, వాపు పెరుగుతుంది. సీరం వాపా, చీము పట్టే వాపా అన్నది కూడా తేల్చుకోలేవు. చేతుల వ్యాయామం రెండో రోజు నుంచి తేలిగ్గా చేసుకోవచ్చు. భుజం నొప్పిగా ఉంటే బరువు తగ్గించు. టీటీ సూది కూడా వేసి ఉంటే, నిజంగా నొప్పి పెట్టే చేయి అదే. కాళ్ల వ్యాయామం, పరుగు, కొండ నడక మాత్రం గాయం ఎండి, నడిస్తే లాగకుండా ఉన్నాకే. ఈ వారం జాతరలో రోజంతా నిలబడి తిరుగుతావు కాబట్టి ఇంటికొచ్చాక కాలు దిండు మీద ఎత్తి పెట్టుకో.

రోజు రోజుకూ వాపు, ఎరుపు తగ్గాలి. రెండో రోజు తర్వాత ఎరుపు పాకుతున్నా, గాయం వేడిగా ఉన్నా, చీము కనిపించినా, గజ్జల్లో బిళ్ల కట్టినా తర్వాతి సూది తేదీ దాకా ఆగకుండా అప్పుడే చూపించు. అది రేబిస్ కాదు, కుక్క నోట్లోని బ్యాక్టీరియా. దానికి యాంటీబయాటిక్ కావాలి.

మందు

రెండు పెగ్గులు తాగితే టీకా పని చేయదు అనడానికి ఆధారం లేదు. తాగుబోతు మొగుడు ఎట్లాగూ మానడు కాబట్టి సూది వేయించినా దండగ అని ఇంట్లోవాళ్లే ఆపేసే సందర్భాలు ఉంటాయి. అది ఘోరం. తాగినవాడికైనా సూది వేయించాల్సిందే. రోజూ మితిమీరి తాగేవాళ్లకు రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది, కాబట్టి వాళ్లు ఒక్క డోసు కూడా తప్పకూడదు.

నిన్ను ఈ వారం వద్దనడానికి కారణాలు వేరే. దురదకు ఇచ్చే అలర్జీ మాత్రల మీద తాగితే మత్తు రెట్టింపవుతుంది, జాతర రద్దీలో బండి నడపాలి. గాయానికి ఇచ్చిన మాత్రల్లో మెట్రోనిడజోల్ ఉంటే మద్యం అసలు వద్దు, వాంతులు, గుండెదడ రావచ్చు. ఆ కోర్సు అయ్యాక కూడా కనీసం మూడు రోజులు ఆగాలి. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ వేసుకుంటూ తాగితే కాలేయం మీద భారం. మామూలుగా అయితే 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటల తేడాతో వేసుకోవచ్చు, రోజుకు మొత్తం 3 గ్రాములు దాటకుండా. అన్నిటికన్నా పెద్దది, శుక్రవారం రాత్రి తాగినవాడు శనివారం పొద్దున సూదికి లేవడు. మందు టీకాను చెడగొట్టేది నిజంగా ఆ దారిలోనే.

సూది తప్పితే

టీకా వేసిన వెంటనే రక్షణ రాదు. ఒళ్లు తన సొంత రక్షణ తయారుచేసుకోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటిదాకా గాయం దగ్గర కాపలా కాసేది సీరం. మూడో రోజు, ఏడో రోజు సూదులు ఆ సొంత రక్షణను పైకి లేపేవి. జాతర అయ్యాక అంటే పదకొండో రోజు అవుతుంది. వాటిని అప్పటికి నెడితే, సీరం అరిగిపోయే వేళకు నీ చేతిలో ఉండాల్సిన ఆయుధం సగమే తయారై ఉంటుంది. కుక్కకాటు రేబిస్ లక్షణాలు మొదలయ్యాక వైద్యం లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ఏ కారణం చేతైనా ఒక రోజు తప్పితే, అయిపోయింది అని వదిలేయకుండా మర్నాడే పో. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. జాతర రోజుల్లో ఎన్ని గంటల దాకా వేస్తారో మంగళవారమే అడిగి పెట్టుకో.

ఇక నువ్వు అడగనిది, కానీ అసలు పత్యం అనదగ్గది ఒకటుంది. ఆస్తమాకో, కీళ్లకో, చర్మానికో స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే, లేదా క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పు. అవి టీకాకు ఒళ్లు స్పందించే శక్తిని తగ్గిస్తాయి. వాళ్లకు చర్మంలో కాకుండా కండలో వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. కీళ్లనొప్పులకు పేరు తెలియని పొట్లం మందు ఏదైనా తింటుంటే అదీ చూపించు. మాత్రను నీ అంతట నువ్వు ఆపొద్దు, కానీ దాచిపెట్టొద్దు.

28వ రోజు సూది కూడా అయ్యాక ఆ చీటీని పారేయకుండా ఫోటో తీసి పెట్టుకో. మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే, కోర్సు పూర్తయినట్టు ఆ చీటీ చూపిస్తే సున్నా రోజు, మూడో రోజు రెండు సార్లు వేస్తే చాలు. గాయం చుట్టూ పొడిచే సీరం ఇక అవసరం ఉండదు. సబ్బుతో 15 నిమిషాలు కడగడం మాత్రం అప్పుడూ తప్పదు.